ఇక్కడ రాకపోతే స్కూలు చెప్పనట్టే

2023 జులై 20న తెలంగాణలో కుండపోత వానల కారణంగా విద్యాసంస్థలకు రెండు రోజులు సెలవు ప్రకటించారు. ఆ ప్రకటన వెలువడేసరికి పొద్దెక్కింది. అప్పటికే ఎందరో పిల్లలు యూనిఫాం వేసుకుని, రెయిన్‌కోటు తొడుక్కుని బస్సెక్కేశారు. కొందరు స్కూలు గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చారు.

ఇలాంటి కబురు రెండు అంచెల్లో ప్రయాణిస్తుంది. మొదటిది ప్రభుత్వం నుంచి స్కూలుకు, రెండోది స్కూలు నుంచి ఇంటికి. మొదటి అంచె ప్రిన్సిపాల్ చేతిలో ఉండదు. రెండోది మాత్రం పూర్తిగా ఆయన చేతిలోనే ఉంటుంది. చాలా స్కూళ్లలో గందరగోళమంతా ఈ రెండో అంచెలోనే పుడుతోంది. అందుకే ఈమధ్య విద్యా సంవత్సరం మొదట్లో తల్లిదండ్రులకు ఓ ఉత్తరం అందుతోంది. ‘ఇన్ని గ్రూపులు వద్దు, స్కూలు ప్రకటనలన్నీ ఒకే చోట చూడండి’ అన్నది దాని సారాంశం. చూడ్డానికి చిన్న ఉత్తరమే. దాన్ని సరిగ్గా రాయడానికి, రాశాక నిలబెట్టుకోవడానికి స్కూలు చేయాల్సిన పని మాత్రం చిన్నది కాదు.

అసలు ఎన్ని గ్రూపులుంటాయో ఓసారి లెక్క వేద్దాం. ఎల్‌కేజీ నుంచి పదో తరగతి దాకా ఉన్న ఓ మధ్యస్థాయి ప్రైవేటు స్కూలు అనుకోండి. మొత్తం 12 తరగతులు. ఒక్కోదానికి రెండేసి సెక్షన్లు, సెక్షన్‌కి నలభై మంది పిల్లలు. సెక్షన్‌కో గ్రూపు చొప్పున 24 గ్రూపులు. ఆరు బస్సు రూట్లుంటే మరో ఆరు. పదో తరగతికి స్టడీ అవర్స్ గ్రూపు వేరే. యాన్యువల్ డే కోసం పెట్టి, అది అయిపోయాక ఎవరూ మూసేయని గ్రూపు ఇంకోటి. ఇవన్నీ టీచర్లు ఉన్న గ్రూపులు. టీచర్లు లేకుండా తల్లిదండ్రులే పెట్టుకున్నవి వీటికి అదనం. ఇద్దరు పిల్లలున్న ఓ తల్లి ఫోనులో రెండు సెక్షన్ గ్రూపులు, రెండు ‘మదర్స్’ గ్రూపులు, బస్సు గ్రూపు, అపార్ట్‌మెంట్ గ్రూపు, అంటే కనీసం ఆరు ఉంటాయి. స్కూలు చెప్పిన ఒక్క మాట ఆమెకు ఆరు గొంతుల్లో వినిపిస్తుంది. ఆ ఆరింటిలో ఏది స్కూలు గొంతో ఆమెకు తెలియదు.

వాన రాత్రి ఏం జరుగుతుందో చూస్తే ఈ చిక్కు బాగా అర్థమవుతుంది. ఎనిమిదింటికి ఎవరో ‘రేపు సెలవంట’ అని పెడతారు. ‘ఎవరన్నారండీ?’ అని ఇంకొకరు. ‘కలెక్టర్ గారు ఇచ్చారంట, మా అక్క వాళ్ల స్కూల్లో మెసేజ్ వచ్చింది’ అని జవాబు. కాసేపటికి ఉత్తర్వు ఫొటో ఒకటి దిగుతుంది. అడ్డంగా కత్తిరించి ఉంటుంది, పైన తేదీ కనిపించదు, కింద సంతకం సగమే ఉంటుంది. అది అసలైన ఉత్తర్వే కావచ్చు, కానీ నిరుడిది. లేదా ఈ ఏడాదిదే, కానీ పక్క జిల్లాది.

హైదరాబాద్ వాళ్లు ఎక్కువగా పొరబడేది ఈ జిల్లా దగ్గరే. జనం నోట్లో అంతా ‘హైదరాబాదే’. అధికారిక లెక్క వేరు. సికింద్రాబాద్ హైదరాబాద్ జిల్లాలో ఉంది. కూకట్‌పల్లి మేడ్చల్-మల్కాజిగిరి జిల్లాలోకి, ఎల్బీ నగర్, గచ్చిబౌలి రంగారెడ్డి జిల్లాలోకి వస్తాయి. వాన సెలవు జిల్లాల వారీగా ఇచ్చినప్పుడు హైదరాబాద్ కలెక్టర్ ఉత్తర్వు కూకట్‌పల్లి స్కూలుకు వర్తించదు. ఇల్లు ఒక జిల్లాలో, స్కూలు మరో జిల్లాలో ఉన్న కుటుంబాలు వేలల్లో ఉన్నాయి. వాళ్లు చూడాల్సింది ఇంటి జిల్లా ఉత్తర్వు కాదు, స్కూలు ఉన్న జిల్లా ఉత్తర్వు. అందుకే ఉత్తర్వు ఫొటో చేతికొస్తే మూడు విషయాలు చూసుకోవాలి: ఏ జిల్లాకు, ఏ తేదీకి, ఏ సంస్థలకు. కొన్నిసార్లు ప్రాథమిక పాఠశాలల వరకే సెలవు ఇస్తారు, కాలేజీలు నడుస్తాయి. ఈ మూడింటిలో ఒక్కటి కనిపించకపోయినా ఆ ఫొటోను నమ్మి పిల్లల్ని ఇంట్లో ఉంచడానికి లేదు.

కానీ రాత్రి తొమ్మిదింటికి వంటింట్లో పని సర్దుకుంటున్న తల్లి ఇదంతా పరిశోధించాలా? అక్కర్లేదు. ఆ పని స్కూలుది. ఉత్తర్వు తమకు వర్తిస్తుందో లేదో తేల్చి, ఒకే చోట ఒక్క వాక్యంలో చెప్పేయాలి. ప్రిన్సిపాల్ ఉత్తరం ఉద్దేశం ఇదే.

అయితే ఇలాంటి ఉత్తరాల్లో చాలావాటికి ఓ లోపం ఉంటుంది. తల్లిదండ్రులు ఏం చేయాలో చెబుతాయి కానీ స్కూలు ఏం చేస్తుందో చెప్పవు. ‘దయచేసి గ్రూపుల్లో వచ్చే పుకార్లు నమ్మవద్దు’ అంటే ఎవరూ మానరు. ఇంకేం నమ్మాలో తెలియనప్పుడు జనం దొరికిందే నమ్ముతారు. ఉత్తరానికి ప్రాణం పోసే వాక్యం వేరే ఉంది: ‘ఇక్కడ రాలేదంటే మేం చెప్పలేదని అర్థం.’ స్కూలు తన మీద తాను వేసుకునే కట్టు ఇది. ఈ మాట అన్నాక క్లాస్ టీచరు సెక్షన్ గ్రూపులో ఒక్క ప్రకటన ముందుగా పెట్టినా మాట తప్పినట్టే. అడగడం కన్నా మాటివ్వడం కష్టం. తల్లిదండ్రులు కదిలేది కూడా దానికే.

బాగా రాసిన ఉత్తరం సుమారుగా ఇలా ఉంటుంది:

‘తల్లిదండ్రులకు నమస్కారం. జులై 1 నుంచి సెలవులు, పరీక్షల తేదీలు, బస్సు వేళలు, ఫీజు గడువుల గురించిన ప్రకటనలన్నీ స్కూలు ఆఫీసు నంబరు నుంచి “స్కూలు ప్రకటనలు” అనే వాట్సాప్ కమ్యూనిటీలో మాత్రమే వస్తాయి. క్లాస్ టీచర్లు ఇకపై ఏ గ్రూపులోనూ ప్రకటనలు పెట్టరు. ఇక్కడ రాలేదంటే మేం చెప్పలేదని అర్థం.

వాన సెలవు సంగతి రాత్రి 9 లోపు చెబుతాం. ఉత్తర్వు ఆ తర్వాత వస్తే ఉదయం 6 కల్లా చెబుతాం. వాన ఎక్కువగా ఉండి సెలవు లేని రోజున “రేపు స్కూలు ఉంది” అని కూడా అదే వేళకు చెబుతాం.

వాట్సాప్ లేనివారు కింది చీటీలో ఆ మాట రాసి పంపండి, మీకు ఎస్ఎంఎస్ వస్తుంది. ఇద్దరి నంబర్లూ ఇవ్వవచ్చు. సందేహాలుంటే ఉదయం 8 నుంచి సాయంత్రం 5 వరకు ఆఫీసుకు ఫోన్ చేయండి. మీ పిల్లల చదువు గురించి క్లాస్ టీచరుకు డైరీలో రాయండి. ఫీజు కోసం స్కూలు ఎప్పుడూ లింకు గానీ, క్యూఆర్ కోడ్ గానీ పంపదు. మీలో మీరు పెట్టుకున్న గ్రూపుల విషయంలో మేం జోక్యం చేసుకోం.’

ఇందులో ‘రేపు స్కూలు ఉంది’ అన్న హామీని చాలామంది ప్రిన్సిపాళ్లు మరిచిపోతుంటారు. బయట వాన హోరెత్తుతుంటే ప్రకటన రాకపోవడాన్ని తల్లిదండ్రులు రెండు రకాలుగా అర్థం చేసుకుంటారు: స్కూలు ఉందని కొందరు, ఇంకా నిర్ణయం తీసుకోలేదని కొందరు. రెండో అనుమానం ఉన్నవాళ్లే గ్రూపుల్లో అడగడం మొదలుపెడతారు. మామూలు రోజుల్లో స్కూలు మౌనంగా ఉంటే చాలు. గాలివాన రాత్రి మాత్రం ఏమీ మారలేదన్న సంగతిని కూడా నోరు విప్పి చెప్పాలి.

ఇక ఆ ఒక్క మార్గం ఏది కావాలి? ఇక్కడే సాంకేతికంగా తప్పటడుగులు పడతాయి. కొన్ని స్కూళ్లు బ్రాడ్‌కాస్ట్ లిస్టుతో మొదలుపెడతాయి. ఆఫీసు ఫోను నుంచి ఒకేసారి 256 మందికి పంపవచ్చు కదా అని. అయితే స్కూలు నంబరును తమ ఫోనులో సేవ్ చేసుకున్నవారికే ఆ మెసేజ్ చేరుతుంది. సేవ్ చేసుకోనివారికి ఏమీ రాదు. రాలేదన్న సంగతి వాళ్లకూ తెలియదు, స్కూలుకూ తెలియదు. ‘మాకు రాలేదండీ’ అన్న తల్లిని ‘మీరే చూసుకోలేదు’ అని ఆఫీసువాళ్లు కసురుకున్న సందర్భాల్లో చాలావాటికి అసలు కారణం ఇదే అయ్యుండాలి.

మరి అందరికీ కలిపి ఒక పెద్ద గ్రూపు పెట్టి, అడ్మిన్లు మాత్రమే మెసేజ్ పంపేలా సెట్ చేస్తే? వాట్సాప్‌లో ఆ సదుపాయం 2018 నుంచి ఉంది. మన లెక్కలోని స్కూల్లో 960 మంది పిల్లలున్నారు. తల్లినీ తండ్రినీ ఇద్దరినీ చేర్చితే 1,920 మంది అవుతారు. గ్రూపులో పట్టేది 1,024 మందే. పైగా గ్రూపులో ఉన్న ప్రతి ఒక్కరి ఫోను నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. వెయ్యి మంది అపరిచితుల ముందు తన నంబరు ఉండటం ఏ తల్లికీ ఇష్టం ఉండదు.

2022 చివర్లో వచ్చిన కమ్యూనిటీ సదుపాయం ఈ రెండు ఇబ్బందుల్నీ చాలావరకు తీరుస్తుంది. దాని ప్రకటనల విభాగంలో అంతకంటే ఎక్కువ మంది పడతారు, ఒకరి నంబరు మరొకరికి కనిపించదు, రాసేది అడ్మిన్లే. 2023లో వచ్చిన వాట్సాప్ ఛానెల్ కూడా అలాంటిదే కానీ, అది బహిరంగ ప్రకటనలకు తగినది. ఫాలో అవుతున్నది ఎవరో స్కూలుకు పూర్తిగా తెలియదు, ఎవరు చూశారో తేలదు, పాత పోస్టులు నెల దాటితే పోతాయి. అడ్మిషన్ల ప్రకటనకు అది సరిపోతుంది. ‘మూడో నంబరు బస్సు ఈరోజు గంట ఆలస్యం’ అన్న మాటకు సరిపోదు.

ఏది ఎంచుకున్నా స్మార్ట్‌ఫోను లేని ఇళ్లు మిగులుతాయి. తండ్రి దుబాయ్‌లో, తల్లి కూలి పనికి, పిల్లలు నానమ్మ దగ్గర ఉన్న ఇళ్లు కరీంనగర్ నుంచి కడప దాకా ఎన్నో. ఆ నానమ్మ చేతిలో ఉండేది మీటల ఫోను. ఆమెకు చేరేది ఎస్ఎంఎస్ ఒక్కటే. దాన్ని రాయడంలో ఓ చిన్న కిటుకుంది. ఇంగ్లిషులో రాస్తే ఒక ఎస్ఎంఎస్‌లో 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70 మాత్రమే. అందులోనూ గుణింతాలు, ఒత్తులు విడివిడిగా లెక్కకొస్తాయి. ‘స్కూలు’ అన్న మాట కంటికి రెండక్షరాలు. ఫోను లెక్కలో స, దాని కింది విరామం, క, ఊత్వం, ల, ఉత్వం కలిపి ఆరు. డెబ్బై దాటితే మెసేజ్ రెండు ముక్కలవుతుంది, ఖర్చూ రెట్టింపవుతుంది. ‘రేపు 22న స్కూలుకు సెలవు. 23న మామూలే.’ అని రాస్తే 36 స్థానాలే పడతాయి, స్కూలు పేరుకు కూడా చోటు మిగులుతుంది. ‘గౌరవనీయులైన తల్లిదండ్రులకు తెలియజేయునది ఏమనగా’ అని మొదలుపెడితే అసలు విషయానికి వచ్చేలోపే సగానికి పైగా చోటు అయిపోతుంది.

ఎస్ఎంఎస్‌తో ఇంకో చిక్కు ఉంది. టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనల ప్రకారం సంస్థలు పెద్ద ఎత్తున పంపే మెసేజుల నమూనాను ముందే రిజిస్టర్ చేయించాలి. మారే చోట్ల నిర్ణీత గుర్తులతో ఖాళీలు ఉంచుతారు. నమూనాకు సరిపోని మెసేజ్‌ను నెట్‌వర్క్ ఆపేస్తుంది. కాబట్టి వాన పడుతున్న రాత్రి కూర్చుని కొత్తగా ఏదో రాసి పంపడం కుదరదు. సెలవు, స్కూలు ఉంది, బస్సు ఆలస్యం, పిల్లల్ని ముందే ఇంటికి పంపుతున్నాం అన్న నాలుగు నమూనాలను జూన్‌లోనే ఆమోదింపజేసి ఉంచుకున్న స్కూలుకు జులైలో కంగారు ఉండదు.

వానలు రోజూ పడవు. పరీక్షలు మాత్రం ఏడాది పొడవునా ఉంటాయి. ఎఫ్ఏ, ఎస్ఏ టైంటేబుళ్లు మారడం మామూలే. మొదటి టైంటేబుల్ వచ్చిన రోజే అందరూ దాని ఫొటో సేవ్ చేసుకుంటారు, ఫ్రిజ్ మీద అతికిస్తారు, బంధువులకు పంపుతారు. వారానికి సవరించినది వస్తుంది. రెండూ ఒకే అచ్చులో, ఒకే లెటర్‌హెడ్ మీద ఉంటాయి. పాతది గ్రూపుల్లో తిరుగుతూనే ఉంటుంది. సోమవారం లెక్కల పరీక్షకు చదువుకుని వెళ్లిన పిల్లవాడి ముందు సైన్స్ పేపరు పడుతుంది. మార్గాన్ని ఒక్కటి చేసినంత మాత్రాన ఈ ఇబ్బంది తీరదు, ఎందుకంటే పాత ఫొటో కూడా ఆ మార్గం నుంచే వెళ్లింది. అందుకే ప్రతి ప్రకటనకూ పైన ఒక వరుస సంఖ్య, తేదీ ఉండాలి. సవరించినప్పుడు మొదటి వాక్యం ‘12వ ప్రకటన రద్దు, దీన్నే చూడండి’ అని ఉండాలి. ఆ సంఖ్య ఫొటోలోనే కనిపించాలి, పక్కన రాసిన మెసేజ్‌లో ఉంటే చాలదు. ఫొటో ఒక్కటే ఫార్వర్డ్ అవుతుంది, పక్కన రాసిన మాట వెనకే ఉండిపోతుంది.

ఏర్పాటు ఎంత బాగున్నా మొదటి నెలలోనే పగుళ్లు కనిపిస్తాయి. ఓ క్లాస్ టీచరు మంచి మనసుతోనే ‘రేపు రంగు దుస్తులు వేయండి’ అని పాత సెక్షన్ గ్రూపులో పెడతారు. ప్రకటనల్లో అది రాలేదు. ఒక్క రోజులో నలభై ఇళ్లు పాత గ్రూపునూ చూడాలని నేర్చుకుంటాయి. పక్క సెక్షన్ వాళ్లు ‘మాకు చెప్పలేదేం?’ అంటారు. ఇలాంటప్పుడు టీచరును తప్పుపట్టి లాభం లేదు. తన సెక్షన్ మాటను ఆఫీసుకు ఎలా పంపాలో, ఎన్ని గంటల్లోపు పంపితే సాయంత్రం ప్రకటనలోకి వెళ్తుందో ఆమెకు ఎవరూ చెప్పి ఉండరు. మధ్యాహ్నం మూడింటిలోపు ఆఫీసులో ఒక చీటీ ఇస్తే సాయంత్రం ఆరింటికి వెళ్తుందన్న పద్ధతి ఉంటే ఆమెకు పాత గ్రూపుతో పని ఉండదు.

దీనికి పూర్తిగా వ్యతిరేకమైన తప్పు ఇంకోటుంది. ప్రకటనల్లోనే బతుకమ్మ ఫొటోలు, పుట్టినరోజు శుభాకాంక్షలు, ర్యాంకుల పోస్టర్లు, మహనీయుల జయంతులు పెట్టేయడం. వారం తిరిగేసరికి తల్లిదండ్రులు మ్యూట్ చేసేస్తారు. అప్పుడు స్కూలుకు ఒకే మార్గం ఉంటుంది, కానీ దాన్ని చూసేవాళ్లుండరు. ఫొటోలు పెట్టుకోవడానికి స్కూలు వెబ్‌సైటో, నోటీసు బోర్డో ఉండనే ఉంది. రోజుకు ఒక ప్రకటన, అదీ అవసరమైతేనే అన్న కట్టుబాటు ఉంటే మ్యూట్ చేయాల్సిన అవసరమే రాదు.

కబురు నిజంగా అందరికీ చేరుతోందా లేదా తెలుసుకోవడానికి చౌకైన పరీక్ష ఒకటుంది. ప్రశాంతంగా ఉన్న ఓ బుధవారం సాయంత్రం ‘రేపు పిల్లల డైరీలో మీ సంతకం పెట్టి పంపండి’ అని ప్రకటన ఇస్తారు. పిల్లలకు క్లాసులో ఈ సంగతి చెప్పరు. గురువారం పొద్దున సంతకం లేని డైరీలు లెక్కపెడితే, కబురు అందని ఇళ్ల పేర్లే చేతికొస్తాయి. కొందరు మెసేజ్ చూసీ మరిచిపోయి ఉండొచ్చు, ఫోను చేసి అడిగితే తేలిపోతుంది. నంబరు మారినవారు, కమ్యూనిటీలో చేరనివారు, ఎస్ఎంఎస్ జాబితాలో లేనివారు ఇక్కడే బయటపడతారు. ఇది తుపాను రాకముందే తెలియాల్సిన సంగతి.

తల్లిదండ్రుల సొంత గ్రూపులను ఏం చేయాలన్న ప్రశ్న ప్రతి స్టాఫ్ మీటింగులోనూ వస్తుంది. మూయించే అధికారం ప్రిన్సిపాల్‌కు లేదు, మూయించాల్సిన అవసరమూ లేదు. జ్వరమొచ్చి రెండు రోజులు మానేసిన పాపకు నోట్సు పేజీల ఫొటోలు వచ్చేది ఆ గ్రూపుల నుంచే. ఆటో డ్రైవరు రాని రోజున ‘మా బండి మీద తీసుకొస్తానమ్మా’ అనే మాట వినిపించేదీ అక్కడే. స్కూలు అడగాల్సింది ఒక్కటే: ప్రకటనలను సొంత మాటల్లో మళ్లీ రాయకుండా, ఉన్నదున్నట్టు ఫార్వర్డ్ చేయమని.

టీచర్లున్న పాత గ్రూపుల సంగతి అలా కాదు. అవి చాలావరకు టీచర్ల సొంత ఫోన్ల మీద పుట్టినవి. టీచరు ఉద్యోగం మానేసి వెళ్లినా అడ్మిన్ ఆమే. టీసీ తీసుకుని వెళ్లిపోయిన పిల్లల తల్లిదండ్రులూ అందులో ఉంటారు. చేరడానికి ఇచ్చిన లింకు ఎవరి చేతికైనా వెళ్లి ఉండొచ్చు. ఒకరి వాట్సాప్ హ్యాక్ అయితే ఆ నంబరు నుంచి ట్రాఫిక్ చలానా పేరుతోనో, ప్రభుత్వ పథకం పేరుతోనో ఏపీకే ఫైలు గ్రూపులో దిగుతుంది. తెలిసిన వాళ్ల పేరే కనిపిస్తుంది కాబట్టి తెరిచేస్తారు. అలాంటి గ్రూపుల్లోనే పిల్లల ఫొటోలు, మార్కుల జాబితాలు, ఫీజు బకాయిల పేర్లు ఏళ్ల తరబడి పడి ఉంటాయి. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లలోపు వారందరినీ పిల్లలుగానే చూస్తుంది, వారి వివరాలు వాడుకోవడానికి తల్లిదండ్రుల సమ్మతి కావాలంటుంది. కాబట్టి ఉత్తరం పంపిన నెలలోపు ఆ గ్రూపులను ఒక్కొక్కటిగా మూసేయడం స్కూలు బాధ్యత. ముందు ‘ఈ గ్రూపు శనివారం మూసేస్తున్నాం’ అని చెప్పాలి, తర్వాత సభ్యులందరినీ తొలగించాలి, చివరగా టీచరు బయటికి రావాలి. టీచరు ఒక్కరే బయటికొస్తే గ్రూపు బతికే ఉంటుంది, అడ్మిన్ హోదా ఇంకెవరికో వెళ్తుంది.

ఇదంతా చేసినా ఏడాదికోసారి పాతబడిపోయేది ఒకటుంది, నంబర్ల జాబితా. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ వేసవి సెలవులు సాధారణంగా ఏప్రిల్ 24న మొదలై జూన్ 12న స్కూళ్లు తెరిచేదాకా ఉంటాయి. ఆ మధ్యలో కుటుంబాలు ఇళ్లు మారతాయి, సిమ్‌లు మారతాయి. రద్దయిన నంబరును మన దేశంలో 90 రోజుల తర్వాత వేరేవాళ్లకు ఇవ్వవచ్చు. ఏప్రిల్‌లో ఓ తండ్రి వదిలేసిన నంబరు ఆగస్టుకల్లా ఓ అపరిచితుడి చేతిలో ఉండొచ్చు, పిల్లల బస్సు వేళలు అతనికి చేరుతుండొచ్చు. అందుకే ప్రిన్సిపాల్ ఉత్తరం కింద ఉండే చీటీ ఒక్కసారి నింపి వదిలేసేది కాదు. పుస్తకాలు పంచే రోజే ఆ చీటీ కూడా ఇచ్చి, తల్లిదండ్రుల చేత నంబరు కొత్తగా రాయించుకోవాలి. ఆఫీసులో పాత జాబితాతో సరిచూసి, తేడా వచ్చిన ప్రతి నంబరుకూ ఆ వారంలోనే ఫోన్ చేసి మాట్లాడాలి. పని చేయని నంబర్లను, వేరేవాళ్లు ఎత్తిన నంబర్లను అదే రోజు కమ్యూనిటీ నుంచీ, ఎస్ఎంఎస్ జాబితా నుంచీ తీసేయాలి.